గుయ్‌మని మూలిగే గ్రైండర్: సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను ఎందుకు కదలదు?

మా వీధి చివర టిఫిన్ సెంటర్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే పెద్ద గ్రైండర్ మొదలవుతుంది. అర హెచ్‌పీ మోటారు, దాని పుల్లీ నుంచి రాతికి ఒక బెల్టు. ఓ రోజు నేను పాల ప్యాకెట్ కోసం వెళ్లేసరికి గ్రైండర్ నిండా నానబెట్టిన మినప్పప్పు ఉంది, స్విచ్ వేసి ఉంది, మోటారు గుయ్‌మని మూలుగుతోంది, రాయి మాత్రం కదలడం లేదు. నడిపే అక్క బెల్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది. రాయి మెల్లగా కదిలి, రెండు మూడు క్షణాల్లో మామూలు వేగం అందుకుంది. "పది రోజుల నుంచీ ఇదే గోల. చెయ్యి వెయ్యందే కదలదు" అంది.

చెయ్యి వేస్తే అంత బరువునీ తిప్పగలిగిన మోటారుకి తనంతట తాను ఒక్క అంగుళం కూడా ఎందుకు కదలడం చేతకాలేదు? బలం లేదని అనలేం, తర్వాత అదే మోటారు అరగంట సేపు పిండి రుబ్బింది. దానికి కొరవడింది ఆగి ఉన్న చోటి నుంచి ఒక దిక్కుకి కదిలించే తోపు. నిజానికి ఏ సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారుకీ పుట్టుకతో ఆ తోపు ఉండదు. పక్కన ఇంకో చిన్న ఏర్పాటు చేసి మనమే ఇస్తాం. ఆ ఏర్పాటు పాడైంది కాబట్టే అక్క చెయ్యి వెయ్యాల్సి వచ్చింది.

ముందు మోటారు లోపల ఏముందో చూద్దాం. బయట కదలకుండా ఉండే ఇనుప చట్రం స్టేటర్. దాని గాడుల్లో రాగి తీగ చుట్టి ఉంటుంది, దాన్నే వైండింగ్ అంటారు, కరెంటు వెళ్లేది అందులోకే. మధ్యలో తిరిగేది రోటర్. రోటర్‌కి బయటి నుంచి ఒక్క వైరు కూడా ఉండదు. దాని చుట్టూ అల్యూమినియం కడ్డీలు, రెండు చివర్లా వాటన్నిటినీ కలిపే రింగులు, అంతే. స్టేటర్ అయస్కాంత క్షేత్రం మారినప్పుడల్లా ఆ కడ్డీల్లో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకీ క్షేత్రానికీ మధ్య పుట్టే బలమే రోటర్‌ని తిప్పాలి.

త్రీ ఫేజ్ మోటారులో ఈ పని హాయిగా జరిగిపోతుంది. మూడు వైండింగుల్లో కరెంటు ఒకదాని తర్వాత ఒకటి గరిష్ఠానికి చేరుతుంది కాబట్టి క్షేత్రం స్టేటర్ లోపల గుండ్రంగా తిరుగుతుంది. రోటర్ దాని వెంట పడుతుంది. సింగిల్ ఫేజ్‌లో ఒక్క వైండింగే. అందులో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. క్షేత్రం పైకి పెరుగుతుంది, తగ్గుతుంది, కిందికి పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. ఎంత మారినా ఒకే గీత మీద. తిరగడం అనేది అందులో ఎక్కడా లేదు.

పాత కాలపు కాలి కుట్టు మిషను గుర్తుందా? పెడల్ పైకీ కిందికీ ఊగుతుంది, చక్రం గుండ్రంగా తిరగాలి. టైలర్ ముందు చేత్తో చక్రాన్ని తన వైపు ఒక్కసారి తిప్పి, తర్వాత కాలు ఆడిస్తాడు. చెయ్యి వెయ్యకుండా కాలు ఆడిస్తే ఒక్కోసారి చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది. ఎందుకంటే పైకీ కిందికీ ఊగే పెడల్‌లో కుడి, ఎడమ అనే సమాచారమే లేదు. మోటారు పరిస్థితీ ఇలాంటిదే, కాకపోతే ఇంకాస్త కఠినం. మిషను చక్రం ఒకటి రెండు చోట్లే మొండికేస్తుంది. మోటారు రోటర్ ఏ కోణంలో ఆగి ఉన్నా మొండికేస్తుంది.

రెండు ముళ్ల గడియారం

ఆగి ఉన్నప్పుడు కదలనిది, ఒక్క తోపు తోస్తే ఎందుకు పరుగెడుతుంది? దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక గడియారం ఊహించుకోండి. దానికి సమాన పొడవున్న రెండు ముళ్లు. రెండూ 12 దగ్గర మొదలై, ఒకే వేగంతో ఒకటి కుడివైపు, ఇంకోటి ఎడమవైపు తిరుగుతాయి. మొదట రెండూ 12 వైపే చూస్తాయి, వాటి బలం కలిసి రెట్టింపు. పావు చుట్టు తర్వాత ఒకటి 3 మీద, ఇంకోటి 9 మీద ఉంటుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా. అర చుట్టుకి రెండూ 6 మీద కలుస్తాయి, కిందికి రెట్టింపు. మధ్యలో ఎక్కడ ఆపి చూసినా కుడి ఎడమలు రద్దయిపోయి, మిగిలేది 12 నుంచి 6కి గీసిన గీత మీదే ఉంటుంది. అంటే పైకీ కిందికీ ఊగే ఒక్క క్షేత్రమూ, ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండు సగం క్షేత్రాలూ ఒకటే. ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు, లెక్కలో నూటికి నూరు పాళ్లు నిజం.

ఆగి ఉన్న రోటర్‌కి ఈ రెండు క్షేత్రాలూ సమానమే. ఒకటి కుడికి ఎంత లాగితే రెండోది ఎడమకి అంతే లాగుతుంది. నికరం సున్నా. ఇక్కడ వోల్టేజీ పెంచినా ప్రయోజనం లేదు, రెండు లాగులూ సమానంగానే పెరుగుతాయి. పైగా ఆగి ఉన్న రోటర్, షార్ట్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ లాంటిది. మామూలుగా నాలుగు ఆంపియర్లు తీసుకునే మోటారు అలాంటప్పుడు నాలుగైదు రెట్లు లాగుతుంది. ఆ కరెంటంతా వేడిగా మారుతుంది. గుయ్‌మనే మూలుగు సెకనుకి 100 సార్లు ఇనుము బిగిసి వదలడం వల్ల వచ్చే చప్పుడు. అది విని కూడా అలాగే వదిలేస్తే కాసేపటికి తీగ మీది వార్నిష్ కాలిన వాసన వస్తుంది.

ఇప్పుడు అక్క బెల్టు లాగింది, రోటర్ కుడివైపు కదిలింది. ఇక రెండు క్షేత్రాలూ సమానం కావు. కుడివైపు తిరిగే క్షేత్రానికీ రోటర్‌కీ మధ్య వేగం తేడా తగ్గింది, ఎడమవైపు దానితో ఆ తేడా పెరిగింది. పూర్తి వేగంలో చూస్తే ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాలుగు పోళ్ల, అంటే నాలుగు అయస్కాంత ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, రోటర్ 1440 తిరుగుతుంది. తోడు వచ్చే క్షేత్రంతో తేడా 60 చుట్లే, అది రోటర్ కడ్డీల్లో పుట్టించే కరెంటు ఫ్రీక్వెన్సీ 2 హెర్ట్జ్. ఎదురొచ్చే క్షేత్రంతో తేడా 2940 చుట్లు, అది పుట్టించే కరెంటు ఫ్రీక్వెన్సీ 98 హెర్ట్జ్. అంత ఫ్రీక్వెన్సీలో మారే కరెంటుని ఆపే గుణం, అంటే కడ్డీల ఇండక్టెన్స్ అడ్డుపడి, కరెంటు దాదాపు పావు చక్రం వెనకబడుతుంది. అలా వెనకబడిన కరెంటు తిప్పే బలం ఇవ్వదు సరికదా, తనను పుట్టించిన ఎదురు క్షేత్రాన్నే చాలావరకు అణిచేస్తుంది. కాబట్టి తోడు క్షేత్రానిదే పైచెయ్యి అవుతుంది.

ఈ ఆధిక్యం ఒక్కసారిగా రాదని గమనించాలి. వేగం కొంచెంగా ఉంటే రెండు లాగుల మధ్య తేడా కొంచెమే, వేగం పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. అందుకే ఖాళీ మోటారుకి చిన్న తోపు చాలు, నిండా పిండి ఉన్న గ్రైండర్‌కి గట్టిగా లాగాలి. ఎడమవైపు లాగితే అంతే నమ్మకంగా ఎడమకి తిరుగుతుంది.

రెండో వైండింగ్ ఉంటే చాలదు

దీనికి మందు ఏమిటంటే, స్టేటర్‌లోనే మొదటి వైండింగ్‌కి అడ్డంగా, అంటే 90 విద్యుత్ డిగ్రీల దూరంలో రెండో వైండింగ్ చుట్టడం. మెకానిక్‌లు మొదటిదాన్ని రన్నింగ్ అనీ, రెండోదాన్ని స్టార్టింగ్ అనీ అంటారు. చాలామంది ఇక్కడితో అర్థమైందనుకుని ఆగిపోతారు. కానీ రెండు వైండింగుల్లోనూ కరెంటు ఒకే క్షణంలో పెరిగి ఒకే క్షణంలో తగ్గితే ఏమవుతుంది? ఒకటి నిలువుగా, ఇంకోటి అడ్డంగా ఒకేసారి లాగుతాయి. కలిసి ఏటవాలుగా లాగుతాయి. నిలువు గీత పోయి ఏటవాలు గీత వచ్చిందంతే, క్షేత్రం ఇంకా ఊగుతూనే ఉంది. చక్కగా గుండ్రంగా తిరగాలంటే ఒక వైండింగ్ గరిష్ఠంలో ఉన్నప్పుడు రెండోది సున్నా దగ్గర ఉండాలి. స్థలంలో ఉన్న 90 డిగ్రీల తేడాకి కాలంలో కూడా తేడా తోడవ్వాలి. 1885లో ఇటలీ శాస్త్రవేత్త గలీలియో ఫెరారిస్ టూరిన్‌లో రెండు కాయిళ్లతో లోహాన్ని తిప్పి చూపించింది ఈ సూత్రం మీదే.

50 హెర్ట్జ్ సప్లైలో ఒక చక్రం 20 మిల్లీసెకన్లు. పావు చక్రం అంటే 90 డిగ్రీలు, 5 మిల్లీసెకన్లు. మనకి కావలసింది రెండు కరెంట్ల మధ్య ఆ 5 మిల్లీసెకన్ల ఎడం. కానీ ఇంటికి వచ్చేది ఒక్క ఫేజే. ఆ ఎడాన్ని మోటారు లోపలే తయారు చేసుకోవాలి.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం. అర హెచ్‌పీ మోటారుకి దగ్గరగా ఉండే, లెక్కకి అనువైన అంకెలు తీసుకుంటున్నాను. ఆగి ఉన్నప్పుడు రన్నింగ్ వైండింగ్ రెసిస్టెన్స్ 6 ఓములు, మారే కరెంటుకి చుట్ట చూపే అడ్డు అయిన రియాక్టెన్స్ 12 ఓములు. 230 వోల్టులు ఇస్తే అందులో 17.1 ఆంపియర్లు వెళతాయి. రియాక్టెన్స్ ఎక్కువ కాబట్టి కరెంటు వోల్టేజీ కంటే 63.4 డిగ్రీలు, అంటే మూడున్నర మిల్లీసెకన్లు వెనకబడుతుంది.

స్ప్లిట్ ఫేజ్ పద్ధతిలో స్టార్టింగ్ వైండింగ్‌ని కావాలనే సన్న తీగతో చుడతారు. సన్న తీగకి రెసిస్టెన్స్ ఎక్కువ. దాని రెసిస్టెన్స్ 20 ఓములు, రియాక్టెన్స్ 12 ఓములు అనుకుందాం. కరెంటు 9.9 ఆంపియర్లు, వెనకబాటు 31 డిగ్రీలే, అంటే 1.7 మిల్లీసెకన్లు. రెండింటి మధ్య ఎడం 32.5 డిగ్రీలు. కావలసిన 5 మిల్లీసెకన్లలో 1.8 మాత్రమే దొరికాయి. క్షేత్రం గుండ్రంగా కాక, కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. అయినా ఒక దిక్కు అంటూ ఏర్పడింది, ఆగి ఉన్న రోటర్‌కి అదే గొప్ప.

కదిలించే టార్క్, అంటే తిప్పే బలం, మూడింటి మీద ఆధారపడుతుంది: రన్నింగ్ కరెంటు, స్టార్టింగ్ కరెంటు, వాటి మధ్య కోణం. రెండు కరెంట్లనీ కోణం సైన్‌తో గుణిస్తే చాలు, ఇక్కడ T టార్క్, Im రన్నింగ్ కరెంటు, Is స్టార్టింగ్ కరెంటు, α ఆ కోణం:

```
T ∝ Im × Is × sin α
17.1 × 9.9 × sin 32.5° ≈ 91
```

ఈ 91కి విడిగా అర్థం లేదు, పోల్చుకోవడానికి మాత్రమే గుర్తుపెట్టుకోండి. అదే సమయంలో లైను నుంచి లాగే మొత్తం కరెంటు 26 ఆంపియర్లు. రెండు కరెంట్లకీ మధ్య కోణం తక్కువ కాబట్టి రెండూ దాదాపు నేరుగా కూడుకుంటాయి. టార్క్ తక్కువ, కరెంటు ఎక్కువ అనే ఇబ్బంది స్ప్లిట్ ఫేజ్‌ది. చిన్న బ్లోయర్లకీ, ఖాళీగా మొదలయ్యే చిన్న యంత్రాలకీ ఇది సరిపోతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్లు చాలా వరకు ఇలాగే స్టార్ట్ అవుతాయి. పిండి నిండిన గ్రైండర్‌కి మాత్రం చాలదు.

కెపాసిటర్ ఈ లెక్కని తిరగరాస్తుంది. వైండింగ్‌లో కరెంటు వోల్టేజీ కంటే వెనకబడితే, కెపాసిటర్‌లో ముందుకు వెళుతుంది. అదే స్టార్టింగ్ వైండింగ్‌కి సిరీస్‌లో 145 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడదాం. దాని రియాక్టెన్స్ 22 ఓములు. వైండింగ్ 12 ఓములని కొట్టేసి, ఇంకో 10 ఓములు మిగుల్చుకుంటుంది. ఇప్పుడు స్టార్టింగ్ కరెంటు 10.3 ఆంపియర్లు, వోల్టేజీ కంటే 26.6 డిగ్రీలు ముందు. రన్నింగ్ కరెంటు 63.4 వెనక. మధ్య ఎడం సరిగ్గా 90 డిగ్రీలు. ఆ 5 మిల్లీసెకన్లు పూర్తిగా దొరికాయి.

```
17.1 × 10.3 × sin 90° ≈ 176
```

స్టార్టింగ్ కరెంటు దాదాపు పాతంతే, టార్క్ మాత్రం దాదాపు రెట్టింపు. నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేసే సంగతి ఇంకోటి ఉంది. లైను నుంచి లాగే కరెంటు 26 నుంచి 20 ఆంపియర్లకి తగ్గింది. లంబంగా ఉన్న రెండు కరెంట్లు నేరుగా కూడుకోవు కదా. ఎక్కువ బలం, తక్కువ లాగుడు, రెండూ ఒకే డబ్బాతో వచ్చాయి.

అయితే పెద్ద కెపాసిటర్ వేస్తే ఇంకా బాగుంటుందా? ఇది షాపుల్లో తరచూ వినిపించే నమ్మకం. ఇదే మోటారుకి 200 వేస్తే లెక్క 187 దగ్గర ఆగుతుంది, లాభం నామమాత్రం. 300 వేస్తే 170కి పడిపోతుంది, లైను కరెంటు తిరిగి 25కి చేరుతుంది. కెపాసిటర్ మీద రాసిన విలువకే కట్టుబడాలి.

స్టార్టింగ్ వైండింగ్ పని రెండు మూడు సెకన్లే. మోటారు వేగం 75 శాతానికి, మన మోటారుకైతే దాదాపు 1100 చుట్లకి చేరగానే షాఫ్టు మీదున్న సెంట్రిఫ్యూగల్ స్విచ్ బరువులు బయటికి విచ్చుకుని, కాంటాక్టులు తెరుచుకుని ఆ వైండింగ్‌ని విడదీస్తాయి. సన్న తీగ ఎక్కువసేపు ఆ కరెంటు మోయలేదు. స్టార్ట్ కెపాసిటర్ కూడా ఎలక్ట్రోలైటిక్ రకం, కొద్ది సెకన్ల కోసమే చేసింది. మోటారు ఆపినప్పుడు వేగం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట టక్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆ బరువులు మళ్లీ లోపలికి వచ్చి, కాంటాక్టులు మూసుకున్న చప్పుడది. తర్వాతి స్టార్ట్‌కి మోటారు సిద్ధమైందని అర్థం.

సీలింగ్ ఫ్యాన్‌లో ఈ స్విచ్ ఉండదు. రెక్కలకి మొదట్లో ఎదురు బలం దాదాపు ఉండదు కాబట్టి 2.5 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్‌ని ఎప్పటికీ అలాగే ఉంచేస్తారు. అది ఎంతసేపైనా పనిచేయగల ఫిల్మ్ రకం. స్టార్ట్ కెపాసిటర్ స్థానంలో దాన్నీ, దాని స్థానంలో స్టార్ట్ కెపాసిటర్‌నీ పెట్టడానికి లేదు.

టిఫిన్ సెంటర్ మోటారుకి ఏమైంది?

ఆ మధ్యాహ్నం మెకానిక్ వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అతను ముందు ప్లగ్ తీశాడు, బెల్టు ఊడదీశాడు, పుల్లీని చేత్తో తిప్పి చూశాడు. హాయిగా తిరిగింది. బేరింగ్ పట్టేసిందన్న అనుమానం అక్కడితో పోయింది. బెల్టు లేకుండా స్విచ్ వేస్తే మోటారు కాస్త తటపటాయించి, తనంతట తనే తిరిగింది. ఆపితే టక్ వినిపించింది.

ఇందులో బోలెడు సమాచారం ఉంది. స్టార్టింగ్ వైండింగ్ తెగిపోయినా, స్విచ్ కాంటాక్టులు కాలి తెరుచుకునే ఉండిపోయినా, ఖాళీ మోటారు కూడా కదలదు, చెయ్యి వేస్తే ఎటు తోస్తే అటు తిరుగుతుంది. ఇక్కడ ఖాళీగా తిరిగింది, బరువు ఉంటేనే మొండికేసింది. అంటే దిక్కు ఉంది, మొదట కదిలించే బలం చాలడం లేదు. అలాంటప్పుడు అనుమానించాల్సినవి రెండు: తక్కువ వోల్టేజీ, నీరసపడిన కెపాసిటర్.

వోల్టేజీ తగ్గితే రెండు వైండింగుల కరెంట్లూ తగ్గుతాయి కాబట్టి టార్క్ వర్గంలో పడిపోతుంది. 230 బదులు 180 వోల్టులు వస్తే మిగిలేది 61 శాతమే. కరెంటు సరిగా రాని ఊళ్లలో సాయంత్రం మొరాయించిన మోటారు, తెల్లారి వోల్టేజీ పెరగగానే చక్కగా తిరగడానికి కారణం ఇదే. ఇక్కడ మీటరు 225 చూపించింది. మిగిలింది కెపాసిటర్.

మెకానిక్ దాని రెండు కొసల మధ్య బల్బు బిగించిన ఒక హోల్డరు వైర్లు తాకించి, మిగిలిన ఛార్జి దింపాడు. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్ షాక్ కొట్టగలదు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే నిప్పురవ్వలు లేచి, అది పేలే ప్రమాదం ఉంది. డబ్బా మీద "120-150 MFD" అని ఉంది, MFD అంటే మైక్రోఫారడ్లు. మీటరు పెడితే 60 చూపించింది.

మన లెక్కలో 60 వేసి చూడండి. రియాక్టెన్స్ 53 ఓములకి పెరుగుతుంది, స్టార్టింగ్ కరెంటు 5 ఆంపియర్లకి పడిపోతుంది. కోణం 90 దాటి 127 డిగ్రీలకి వెళుతుంది.

```
17.1 × 5.0 × sin 127° ≈ 68
```

176 ఉండాల్సిన చోట 68. అసలు కెపాసిటరే లేని స్ప్లిట్ ఫేజ్ 91 కంటే కూడా తక్కువ. అందుకే ఖాళీగా ఉంటే కదిలింది, పిండి ఉంటే కదల్లేకపోయింది. ఇలాంటి కెపాసిటర్ పూర్తిగా చచ్చిపోలేదు కాబట్టి "తిరుగుతోంది కదా, కెపాసిటర్ బాగానే ఉంది" అని పొరబడి, బేరింగులు మార్చి, చివరికి మోటారు రివైండింగ్ దాకా వెళ్లే వాళ్లు ఉన్నారు.

కెపాసిటర్ ఎందుకు నీరసపడిందన్నది కూడా చూడాలి. రోజూ పదిసార్లు ఆపి స్టార్ట్ చేస్తే, ప్రతిసారీ మోటారు వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పడితే, అది వేడెక్కి క్రమంగా విలువ కోల్పోతుంది. స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోయి తెరుచుకోకపోతే ఇంకా ఘోరం. అప్పుడు వేగం అందుకున్నాక కూడా మోటారు గురగురమంటుంది, ఆపితే టక్ వినిపించదు. కొత్త కెపాసిటర్ వేసినా వెంటనే ఉబ్బుతుంది. అలాంటప్పుడు మార్చాల్సింది స్విచ్. అక్క మోటారులో టక్ వినిపిస్తోంది కాబట్టి ఆ భయం లేదు, అయినా మెకానిక్ మూత తీసి కాంటాక్టుల మీద మసిని సన్న ఎమరీ కాగితంతో తుడిచాడు.

కొత్త కెపాసిటర్ బిగించాక బెల్టు తగిలించి, నీళ్లు పోసిన మినప్పప్పు సగం వేసి స్విచ్ వేశాడు. మూలుగు లేదు. రాయి ఒక్క ఊపున కదిలి వేగం అందుకుంది. "మళ్లీ మూలిగితే బెల్టు మీద చెయ్యి వెయ్యకక్కా, స్విచ్ ఆపెయ్. వేళ్లు పోతాయి" అన్నాడు. అక్క స్విచ్ ఆపింది. రాయి నెమ్మదిస్తుండగా మోటారు లోపల టక్‌మంది.